ఐసు లేని పాలకూర

ఆ ఆసుపత్రి వంటింట్లో బీన్స్ ఉడికే తీరు ఒక్కసారి చూసినవాళ్ళకి మళ్ళీ జన్మలో బీన్స్ తినబుద్ధి కాదు. పొద్దున్నే పెద్ద గుండిగలో గొంతుదాకా కూరేస్తారు, పైన మొక్కుబడిగా కాసిని నీళ్ళు పోస్తారు, గ్యాసు ఆదా అని మూత బిగిస్తారు. అవి ఉడికి ఉడికి, ఇక మా వల్ల కాదు బాబోయ్ అన్నాక దింపి వేడిపెట్టెలోకి ఎక్కిస్తారు. ఆ పెట్టెలో ఇంకాస్త మగ్గి పై అంతస్తుల వార్డులకు చేరేసరికి వాటి రంగు తడిసిన గోనెసంచి రంగు. అలాగని వంటవాళ్ళని తిట్టుకుని లాభం లేదు. అన్ని వార్డులకూ కలిపి ఒకటే వంటిల్లు, ఉన్నవి బొటాబొటి పొయ్యిలు, భోజనాల బండి టైముకి కదలాలి. రోగి బతకడం ముఖ్యం గానీ బీన్స్ పచ్చగా ఉండటం ముఖ్యమా అంటాడు సూపర్‌వైజరు. ఆ మాటకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఆమె కూడా ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఆ వంటింట్లో ఆమెది మూలనున్న ఒక బల్ల, ఒక మిక్సీ, ఒక సన్న జల్లెడ. నమలలేనివాళ్ళకి, గట్టివి మింగబోతే పొలమారేవాళ్ళకి అన్నీ మెత్తగా రుబ్బి, నార తీసి, గిన్నెల్లో సర్ది పంపడం ఆమె పని. గోనెసంచి రంగు బీన్స్‌ని రుబ్బితే వచ్చే ముద్ద ఏ రంగులో ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ముద్దని గిన్నెలోకి తీసినప్పుడల్లా ఆమెకి లోపల ఎక్కడో చివుక్కుమనేది. ఎందుకంటే ఆమెకి వంటపని నేర్పింది ఐసు మాస్టరు, ఆయన ఆమెకి స్వయానా మేనమామ.

ఇప్పుడా మేనమామే మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, సీసాలోని తిండి చుక్కలు చుక్కలుగా పంపిస్తున్నారు. ఎన్ని వందల వంటలకు రుచి చూసి చెప్పిన నోరది, అందులోకి ఇప్పుడు ఏదీ వెళ్ళడం లేదు.

ఐసు మాస్టరన్న పేరు ఆయనకి పెద్ద హోటల్లో వచ్చింది. అక్కడ హాల్లో ఇవాళ పెళ్ళి విందైతే రేపు మీటింగు భోజనం. వందల ప్లేట్లు ఒకేసారి లేవాలి. అందుకని కూరలన్నీ పొద్దున్నే మరిగే నీళ్ళలో వేసి తీసి, ఐసు నీళ్ళలో ముంచి, పిండి, ఆరబెట్టి, ట్రేలలో దాచేవాళ్ళు. విందు టైముకి మళ్ళీ ఒక్క క్షణం వేడి చూపించి ప్లేటులోకి వడ్డించేవాళ్ళు. వెనక గుమ్మం దగ్గర ఐసు బస్తాలు దిగుతుంటే మావయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, పెళ్ళికూతురి సామాను దించుకుంటున్నట్టు ఒక్కొక్క బస్తా చూసుకునేవాడు. బస్తా తక్కువైతే ఆ రోజు ఎవరి వీపో విమానం మోతే.

ఆయనకి కోపం ముక్కు మీద ఉండేది, తన కింద పని నేర్చుకునే మేనకోడలికి పాఠాలన్నీ ఆ కోపంతోనే చెప్పేవాడు.

“ముందు నీళ్ళెన్ని ఉన్నాయో చూడవే. కూర మునిగితే చాలదు, ఈదాలి. నీళ్ళు తక్కువైతే నువ్వు కూర వెయ్యగానే మరుగు చచ్చిపోతుంది. మళ్ళీ మరిగేలోపు నీ కూర ముసలిదైపోతుంది.”

“మూత పెట్టావంటే ఆ మూత తీసి నీ నెత్తిన పెడతా. ఆకులో పులుపుంటుంది, అది ఆవిరితో పాటు బయటికి పోవాలి. మూత వేస్తే ఎక్కడికి పోతుందీ? తిరిగి గిన్నెలోనే పడి రంగుని తినేస్తుంది.”

“బీన్స్ వెయ్యగానే పచ్చగా మెరుస్తుంది. అది చూసి మురిసిపోయి తీసేశావో, పచ్చిగడ్డి తిన్నట్టుంటుంది. మూడు నిమిషాలుంచు, లావు కాయైతే నాలుగు. అప్పుడొకటి తీసి కొరుకు, నీ పన్ను చెబుతుంది. ఏడు దాటిందా, ఇక దాని మొహం మనం చూడలేం.”

“పాలకూరకి అర నిమిషం. మరీ ముదురాకైతే నిమిషం. అది కూర కాదే, పనిమీద పోతూ తొంగిచూసిన చుట్టం. వచ్చిందా, కూర్చుందా, లేచి వెళ్ళిపోయిందా, అంతే.”

ఒకసారి కొత్తగా చేరిన వంటతను రంగు కోసమని నీళ్ళలో సోడా ఉప్పు వేశాడు. బీన్స్ చిలక పచ్చగా వచ్చాయి. మావయ్య ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే చర్మం జారి పిప్పి చేతికొచ్చింది. ఆయన దాన్ని అతని చొక్కా జేబులో వేసి, “రంగుంది, కూర లేదు. ఇంటికి పట్టుకెళ్ళి గోడకి వేలాడదీసుకో” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అయినా ఆ రోజు నుంచి సోడా డబ్బా జోలికి పోలేదు.

ఐసు సంగతికొస్తే ఆయన మాట శిలాశాసనం. పొయ్యి మీంచి తీసినంత మాత్రాన ఉడకడం ఆగదు, లోపల వేడి ఉన్నంతసేపూ అది ఉడుకుతూనే ఉంటుంది, అందుకే తీసిన మరుక్షణం ఐసు నీళ్ళలో పడాలి. చల్లారగానే బయటికి రావాలి. మరిచిపోయి అలాగే నానబెడితే రుచి నీళ్ళపాలై, కూర నీళ్ళు తాగి ఉబ్బుతుంది. పాలకూరనైతే రెండు అరచేతుల మధ్య పెట్టి, చుక్క రాలనంతదాకా పిండాలి. ఆమె పెళ్ళయి, పిల్లలు పుట్టి, వేళాపాళా ఉన్న ఉద్యోగం కావాలని ఆసుపత్రికి వచ్చేసినా ఈ పాఠాలేవీ మరిచిపోలేదు. వాడే అవకాశమే రాలేదు.

వార్డులో మావయ్యకి మింగడం నేర్పించే ఆవిడొకరు రోజూ వచ్చేది. వంటింటి వాళ్ళు ఆవిణ్ణి గొంతు మేడమ్ అనేవాళ్ళు. గొంతు మేడమ్ రెండు వేళ్ళు ఆయన గొంతు మీద ఆనించి, పొడి కలిపి చిక్కబరిచిన నీళ్ళు చెంచాతో పెదాల దగ్గరికి తీసుకెళ్ళి పరీక్ష చేసింది. మొదటిరోజు తడి తగలగానే ఆయన మింగాడు. పొలమారలేదు, దగ్గలేదు.

“మింగగలరు. అది నేను చూశాను” అంది ఆవిడ. “కానీ తిండి చూపిస్తే నోరు తెరవట్లేదు.”

తెరవలేదు మరి. వంటింటి నుంచి వచ్చిన ముద్ద గిన్నె ముందు పెడితే ఆయన దాన్ని ఒక్క చూపు చూసి, కళ్ళు మూసుకుని, తల కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మేనకోడలు గుమ్మం దగ్గర నిలబడి చూసింది. తన బల్ల మీద, తన జల్లెడలోంచి వచ్చిన ముద్ద అది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

గురువారం పెద్ద డాక్టరు, మావయ్య మంచం వదలకుండా ఉంటున్న అత్తయ్యని పక్కకి పిలిచి చెప్పాడు. ముక్కులో గొట్టం ఎక్కువకాలం ఉంచకూడదు. సోమవారం రౌండ్లకు వచ్చేలోపు ఆయన నోటితో కాస్తయినా తీసుకుంటే ఇంకొన్నాళ్ళు ఆగి చూద్దాం, లేదంటే పొట్టకి చిన్న రంధ్రం చేసి నేరుగా గొట్టం వేసేద్దాం. అది ప్రమాదమేమీ కాదు, చాలామందికి వేస్తాం. కాకపోతే నోటికి పని లేకుండాపోతే మింగే అలవాటు సన్నగిల్లుతుంది, మళ్ళీ తెచ్చుకోవడం కష్టమవుతుంది.

అత్తయ్య అన్నిటికీ తల ఊపింది. డాక్టరు వెళ్ళాక మేనకోడలి చెయ్యి పట్టుకుంది. “ఆయన ఇక రుచి చూడడన్నమాట” అంది. ఏడవలేదు. కుళాయి నీళ్ళు రావట్లేదని చెప్పినట్టు చెప్పింది.

మేనకోడలు తిన్నగా వంటింట్లోకి దిగి సూపర్‌వైజరు ముందు నిలబడింది. “ఒక్క మనిషికి విడిగా వండుకుంటాను. నా బల్ల దగ్గరే. బండి ఆలస్యం చెయ్యను” అంది.

“ఒకళ్ళకని మొదలెడితే రేపు ఇంకొకళ్ళు అడుగుతారమ్మా.”

“ఆయన మా మావయ్యండీ.”

సూపర్‌వైజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎప్పుడో కుర్రతనంలో ఆ హోటల్లో ప్లేట్లు మోసినవాడే అతను. “సరే, నీ చావు నువ్వు చావు” అన్నాడు. అతని భాషలో అది దీవెన.

శుక్రవారం ఆమె లేత బీన్స్ ఏరుకుంది. రుబ్బాల్సిన కాయ కాబట్టి అడ్డంగా బాగా సన్నగా తరిగింది, అలా అయితే నార పొట్టిగా తెగుతుంది, ముక్క త్వరగా మెత్తబడుతుంది. నాలుగు నిమిషాల బీన్స్ కరకరలాడుతుంది, అది మావయ్య గొంతుకి పనికిరాదు. అందుకని మూత లేని పెద్ద గిన్నెలో ముక్క వేళ్ళ మధ్య నలిగేదాకా ఉంచింది. ఆ మేరకు రంగు కాస్త తగ్గింది, ఆ లోటు పాలకూర తీరుస్తుంది. పాలకూరని అర నిమిషం ముంచి తీసింది. రెండింటినీ ఐసు నీళ్ళలో వేసింది. చల్లారగానే తీయాల్సింది. సరిగ్గా అప్పుడే పక్క వార్డు నుంచి ఫోను వచ్చింది, ఎవరికో గంజి తక్కువైందని. ఆమె తిరిగొచ్చేసరికి పాలకూర ఐసులో తేలుతూ హాయిగా నీళ్ళు తాగేసింది. బండి కదిలే వేళయింది. గబగబా ఒకసారి పిండి, రుబ్బి, జల్లెడ పట్టి పంపేసింది.

పైన గొంతు మేడమ్ చెంచాతో కొంచెం తీసి వంచి చూసింది. ముద్ద జారి పడింది సరే, దాని చుట్టూ పళ్ళెంలో పచ్చటి నీళ్ళు ఊరాయి.

“ఇది ఇవ్వలేను. ముద్ద ముందు వెళ్ళి, నీళ్ళు వెనకాల ఊపిరితిత్తుల్లోకి జారతాయి” అంది ఆవిడ మెల్లగా. “రంగు మాత్రం ఎంత బాగుందండీ.”

ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది. నానబెట్టకే, పిండవే అని వెయ్యిసార్లు చెప్పించుకున్నది ఆమే. ఆయన ప్రాణం మీదికొచ్చిన రోజునే ఆ రెండూ మరిచింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లల మీద ఊరికే కసురుకుంది.

శనివారం ఏ తప్పూ జరగనివ్వలేదు. ఫోను మోగినా తల తిప్పలేదు. పాలకూర చల్లబడగానే తీసి అరచేతులు ఎర్రబడేదాకా పిండింది. ముద్ద చెంచా వంచితే ఒక్కటిగా జారేంత చిక్కగా, చుట్టూ చుక్క నీరు లేకుండా వచ్చింది. దాన్ని డబ్బాలో మూసి బండి మీద పంపించింది. బండి ఒక్కో అంతస్తూ ఆగుతూ, తలుపులు తెరుస్తూ మూస్తూ, తీరుబడిగా మూడో అంతస్తు చేరింది. సిస్టరు డబ్బాని మైక్రోవేవులో తిప్పి వెచ్చబెట్టి తెచ్చింది. మూత తీస్తే వార్డులో పక్క మంచం మనిషి కూడా తల ఎత్తి చూశాడు. అంత పచ్చగా ఉంది.

గొంతు మేడమ్ వంచి చూసి, బాగుందన్నట్టు తల ఊపింది. మావయ్య గిన్నె వైపు చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. మంచిగా ఉన్న ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి గిన్నె అంచు తాకాడు. ఆయన వేలితో ఆ గిన్నెని ట్రే చివరకు, ఆ రోజుల్లో తయారైన ప్లేటుని వడ్డించేవాళ్ళ వైపు తోసినట్టు, తోసేశాడు. తర్వాత కళ్ళు మూసుకుని కిటికీ వైపు తిరిగాడు.

వార్డు చివర పాలు కాచుకునే చిన్న గది ఉంది, మేనకోడలు అందులోకి వెళ్ళి గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన నేర్పినదేదీ వదల్లేదు కదా, ఇంకేం చెయ్యాలి అని ఏడ్చింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది. నోరు లేకపోయినా మొండితనం పోలేదని తిట్టుకుంది.

అత్తయ్య వెతుక్కుంటూ వచ్చింది. ఏడుపు ఆగేదాకా పక్కన నిలబడి, ఆ తర్వాత అడిగింది. “ఐసులో వేశావుటే?”

“వేశానత్తయ్యా. ఆయన చెప్పినట్టే. రంగు చూశావుగా.”

“చూశాను. ఐసు దేనికే? ఎవరికోసం దాచావు?”

మేనకోడలికి అర్థం కాలేదు.

“ఆయనకి సెలవున్న రోజు నేను కుట్టుపని ముగించుకుని వచ్చేసరికి” అంది అత్తయ్య, “పొయ్యి మీద నీళ్ళు మరుగుతుండేవి, పక్కన బీన్స్ తరిగి ఉండేవి. నేనొచ్చి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూలబడేదాకా వాటిని నీళ్ళలో వేసేవాడు కాదు. అలసిపోయి ఉన్నాను, ముందే చేసి పెట్టొచ్చుగా అంటే వినేవాడా? వేసి, తీసి, వంచి, పొగలు కక్కుతుంటే తెచ్చి పెట్టేవాడు. మా ఇంట్లో ఐసు ఎక్కడిదే? ఒకసారి నేనే వేళాకోళం చేశాను, ఐసు మాస్టరు ఇంట్లో చల్లటి నీళ్ళకి కూడా దిక్కు లేదేంటని.”

“ఏమన్నాడు?”

“ఐసు హాల్లో వాళ్ళకి. వాళ్ళెప్పుడొస్తారో ఎవరికి తెలుసు. నువ్వు వచ్చేశావుగా, అన్నాడు.”

మేనకోడలు ఆయన వెనక ఎన్నో ఏళ్ళు నిలబడి పని నేర్చుకుంది. నేర్చుకున్నదంతా హాలు వంటే. వండినదాన్ని ఆపి ఉంచడం, దాచడం, టైముకి పంపడం. వండి వెంటనే ఒకరి ముందు పెట్టేటప్పుడు ఆయన ఏం చేస్తాడో ఆమె ఒక్కనాడూ చూడలేదు. ఐసు ఎలా వెయ్యాలో బట్టీ పట్టింది గానీ ఎందుకు వేస్తున్నామో అడగనేలేదు. వెంటనే తినేదానికి ఉడకడం ఆపే పనేముంది? తీసి, వంచి, పెట్టడమే. ఇంత చిన్న విషయం తట్టనందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆదివారం ఆమెకి సెలవు. అయినా వచ్చి వార్డు సిస్టరుని బతిమాలింది. పాల గదిలో ఒక కరెంటు పొయ్యి ఉంది, సోమవారం పొద్దున అది కాసేపు కావాలని. సిస్టరు మొదట ససేమిరా అంది. తర్వాత అత్తయ్య మొహం చూసి, “వాసన వస్తే నా మీద పెట్టకండి” అని తాళం చేతిలో పెట్టింది.

సోమవారం పొద్దున డాక్టరు రౌండ్లు మొదలవకముందే ఆమె మిక్సీని సంచిలో వేసుకుని మూడో అంతస్తుకి ఎక్కింది. చిన్న గిన్నె పెట్టింది. ఒక్క మనిషి కూరకి ఆ చిన్న గిన్నెలో నీళ్ళే బోలెడు, ముక్కలు వేస్తే మరుగు క్షణం కూడా తగ్గలేదు. మూత లేదు. పాల గది తలుపు బార్లా తీసి ఉంచింది. అక్కడి నుంచి మావయ్య మంచం కనిపిస్తుంది. నీళ్ళు కుతకుతమనే చప్పుడు వార్డులోకి వినిపించింది. ఆకు పచ్చివాసన ఆవిరితో పాటు బయటికి పాకింది. కిటికీ వైపు తిరిగి ఉన్న తల ఇటు తిరిగింది. ఆయన చూస్తున్నాడని తెలిసి ఆమె నడుం నిటారు చేసి నిలబడింది, మొదటిరోజు ఆయన ముందు కత్తి పట్టుకున్నప్పటిలా. ఒక ముక్క తీసి వేళ్ళతో నలిపి చూసింది. ఇంకొక్క నిమిషం ఆగింది. మళ్ళీ నలిపింది. నలిగింది. చివర్లో పాలకూర వేసి, అది వాలి రంగు తిరగగానే రెండింటినీ కలిపి జల్లెడలోకి వంచింది. చెంచా వెనకవైపుతో నొక్కి నీళ్ళు దిగనిచ్చింది. వేడివేడిది మిక్సీలో బిగిస్తే పైకి ఎగజిమ్ముతుందని మూత కాస్త వదులుగా ఉంచి, పైన గుడ్డ కప్పి పట్టుకుని రుబ్బింది. సన్న జల్లెడలో తీసి, చిక్కదనం చాలక వెంట తెచ్చిన ఉడికిన బంగాళాదుంప కాస్త మెదిపి కలిపింది.

గొంతు మేడమ్ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. చెంచా వంచింది. ముద్ద ఒక్కటిగా జారింది, చుట్టూ నీరు ఊరలేదు. మణికట్టు మీద కాస్త వేసుకుని వేడి చూసింది. నోరు కాలేంత వేడి లేదు, హాయిగా వెచ్చగా ఉంది. “ఇవ్వొచ్చు” అంది. శనివారం ముద్ద కంటే రంగు ఒక పిసరు తక్కువే. మైక్రోవేవు గిన్నెకి ఉన్న మెరుపు దీనికి లేదు. పైన సన్నగా పొగ మాత్రం లేస్తోంది.

మేనకోడలు గిన్నెని ట్రే మీద ఆయన ముందు పెట్టింది. “మావయ్యా, ఇప్పుడే తీశాను” అంది.

ఆయన పొగ వైపు చూశాడు. కళ్ళు మూసుకోలేదు. ఎడమ చెయ్యి ఎత్తాడు. గిన్నె అంచు పట్టుకుని మెల్లగా పక్కకి తోయడం మొదలుపెట్టాడు.

గొంతు మేడమ్ నిట్టూర్చి చెంచా కింద పెట్టింది. అయిపోయింది, ఇక గొట్టమే అనుకుంది మేనకోడలు. అయినా ఆయన చెయ్యి ఆగలేదు. శనివారంలా ట్రే చివరకు కాదు, ఎడమ పక్కకి, ఇంకా ఎడమ పక్కకి, వదలకుండా, మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డ అత్తయ్య చేతి దాకా తెచ్చి ఆపాడు. ఆపి ఆవిడ మొహంలోకి చూశాడు.

“నాకేంటండీ, మీకోసం” అంది అత్తయ్య.

ఆయన కళ్ళు తిప్పలేదు.

ఆయన పడిపోయిన రోజు నుంచి అత్తయ్య కడుపు నిండా తిన్నది లేదు. మేనకోడలు తెచ్చిన డబ్బాలు మంచం కింద అలాగే చల్లారిపోతుంటే ఆవిడ కాసిని టీ చుక్కలతో రోజులు నెట్టుకొస్తోంది. ఆ సంగతి డాక్టర్లకు పట్టలేదు, నర్సులకు తీరిక లేదు, మేనకోడలు తన బీన్స్ గొడవలో పడి చూడలేదు. మాట లేని మనిషి మాత్రం చూస్తూ ఉన్నాడు.

అత్తయ్య స్టూలు లాక్కుని కూర్చుంది. చెంచాతో కొంచెం తీసి నోట్లో పెట్టుకుంది. నమలడానికి ఏమీ లేదు, అయినా ఆవిడ దవడలు ఊరికే కదిలాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా రెండో చెంచా తింది, మూడోది తింది. “బాగుందండీ” అంది.

అప్పుడు ఆయన నోరు తెరిచాడు.

వంకర తిరిగిన పెదవి ఒక పక్కకే తెరుచుకుంది. గొంతు మేడమ్ ఒక్క ఉదుటున ముందుకొచ్చి, ఆయన గడ్డం కాస్త కిందికి వంచి, ఇంకో శుభ్రమైన చెంచా అత్తయ్యకి అందించింది. “కొంచెమే, ఎడమ పక్కన పెట్టండి” అంది. అత్తయ్య పెట్టింది. గొంతు మేడమ్ వేళ్ళు ఆయన గొంతు మీద ఆనాయి. అందరూ ఆ గొంతునే చూస్తున్నారు. అది కదలలేదు. తర్వాత మెల్లగా పైకి లేచి, కిందికి దిగింది.

“మింగారు” అంది గొంతు మేడమ్.

పెద్ద డాక్టరు రౌండ్లకొచ్చి గుమ్మంలో ఆగాడు. ఒక్క గిన్నె ముద్దతో ముక్కులో గొట్టం ఊడిరాదు, ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. గొంతు మేడమ్ వెనక్కి తిరగకుండానే, కాసేపు ఉండండి అన్నట్టు చెయ్యెత్తింది. డాక్టరు అలాగే నిలబడిపోయాడు. మేనకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. అత్తయ్య ఎవరినీ చూడలేదు. తన చెంచాతో తనకొకటి, ఆయన చెంచాతో ఆయనకొకటి పెట్టుకుంటూ పోయింది. ఒకసారి తన వంతు మరిచి వరసగా రెండోసారి ఆయనకే పెట్టబోతే, ఆయన పెదాలు బిగించి, ఆవిడ తినేదాకా తెరవలేదు.